సోఫాలో, పరుపులో దిగిన కుక్క వాసనను వదిలించడం: మొదటి నుంచి చివరి దాకా

ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ పెట్టని సోఫా, రెండు రోజులు ముసురు పట్టగానే కంపు కొడుతుంది. కుక్క ఉన్న ఇళ్లలో చాలామందికి ఇది అనుభవమే. రూమ్ స్ప్రే కొడతారు, సాంబ్రాణి వేస్తారు, కవర్లు ఉతుకుతారు. వాన తగ్గాక వాసనా తగ్గుతుంది, మళ్లీ వానకు మళ్లీ వస్తుంది. నిజానికి ఆ వాసన ఎక్కడికీ పోలేదు. ఫోమ్‌లో, కుట్లలో, చెక్కలో ఎండి కూర్చున్న పదార్థం గాలిలోని తేమ తగిలినప్పుడల్లా మళ్లీ లేస్తోంది. ఆ పదార్థం ఎంత లోతుకు దిగిందో అంత లోతుకు మందు వెళ్లాలి, అక్కడ తగినంత సేపు తడిగా ఉండాలి, తర్వాత పూర్తిగా ఆరాలి. ఈ మూడింటిలో ఏది తక్కువైనా పని సగంలోనే ఆగిపోతుంది.

ముందు ఏ వాసనో తేల్చుకోండి

కుక్క ఉన్న ఇంట్లో వాసనలు ప్రధానంగా రెండు. మొదటిది ఒంటి వాసన. కుక్క చర్మం నుంచి వచ్చే నూనె, దాని మీద బతికే బ్యాక్టీరియా, ఈస్ట్, రాలిన వెంట్రుకలు, చొంగ అన్నీ కలిసి బట్టకు పట్టేస్తాయి. కుక్క రోజూ పడుకునే చోట సోఫా బట్ట కొంచెం నల్లబడి, చేత్తో రుద్దితే జిడ్డుగా తగులుతుంది. వాసన అక్కడంతా సమానంగా, ముతకగా ఉంటుంది. ఇది ఎక్కువగా బట్టలోనూ, దాని కింద పై పొరలోనూ ఉంటుంది కాబట్టి వదిలించడం తేలికే.

రెండోది మూత్రం వాసన. ఇది ఒక్కచోట ఘాటుగా, ముక్కుకు గుచ్చినట్టు ఉంటుంది. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా విరగ్గొట్టినప్పుడు అమోనియా పుడుతుంది, ఆ ఘాటు దానిదే. మూత్రంలోని నీళ్లు ఆవిరైపోయినా లవణాలు, ప్రోటీన్లు, మిగతా వ్యర్థాలు లోపలే ఉండిపోతాయి. లవణాలకు తేమను లాక్కునే గుణం ఉంటుంది. తడి తగలగానే బ్యాక్టీరియాకు మళ్లీ పని దొరుకుతుంది, వాసనా మొదలవుతుంది. ఉతికిన కవరు తొడిగినా కుషన్ వాసన రావడానికి కారణం ఇదే.

మూడో వాసన ఒకటుంది, అరుదుగానే అయినా గుర్తుపట్టాలి. కుక్క లేచిన చోట ఉన్నట్టుండి చేపల నీచు లాంటి వాసన వస్తే అది మలద్వారం పక్కనుండే గ్రంథుల ద్రవం. చుక్క పడినా గట్టిగా కొడుతుంది. దీన్ని మూత్రం మరకలాగే శుభ్రం చేయాలి. పదేపదే వస్తుంటే మాత్రం సోఫాను కాదు, కుక్కను చూపించాలి.

ఎక్కడుందో వెతకడం

ఇంట్లో ఉండేవాళ్ల ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. అందుకే బయట ఒక గంటైనా తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, అప్పుడు సోఫా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వాసన చూడండి. పైన కాదు, సీటుకూ వీపు భాగానికీ మధ్య ఉండే సందులో, చేతుల కింద, ముందు కాళ్ల దగ్గర చూడండి. మగ కుక్క ఉంటే ముందు మూలలు తప్పకుండా చూడాలి. కాలెత్తి పోసిన మూత్రం నిలువు బట్ట మీద పడి, కిందికి జారి, చెక్క ఫ్రేమ్‌లోకి దిగుతుంది.

యూవీ టార్చ్ ఒకటి కొనడం మంచిది. 395 నానోమీటర్ల టార్చ్ చవగ్గా దొరుకుతుంది కానీ దాని ఊదా వెలుతురు ఎక్కువై మరక సరిగ్గా కనబడదు. 365 నానోమీటర్లది అయితే తేడా బాగా తెలుస్తుంది. రాత్రి లైట్లన్నీ ఆర్పి, కర్టెన్లు మూసి చూడండి. పాత మూత్రం లేత పసుపుగా, కాస్త ఆకుపచ్చ కలిసినట్టు మెరుస్తుంది. నీలం తెలుపుగా మెరిసేదల్లా మూత్రం కాదు. బట్టల సబ్బుల్లో తెల్లదనం కోసం వేసే పదార్థాలు కూడా అలాగే మెరుస్తాయి. అందుకే మెరిసిన ప్రతి చోటా ముక్కు పెట్టి ఖాయం చేసుకుని, చుట్టూ సుద్దముక్కతో గీత గీసుకోండి. పొద్దున్న వెలుతురులో ఆ మరకలేవీ కనబడవు.

తర్వాత కుషన్ జిప్ తీసి ఫోమ్‌ను బయటికి లాగి చూడాలి. ఇసుకలో నీళ్లు పోసినట్టు మూత్రం ఫోమ్‌లో దిగేకొద్దీ పక్కలకు పాకుతుంది. పైన అరచేతంత మరక, కింద పళ్లెమంత ఉండొచ్చు. రెండు వైపులా పసుపు రంగు కనిపిస్తే అది ఫోమ్‌ను దాటి కింద నవారు మీదికీ, చెక్క మీదికీ చేరిందన్నమాట.

ఏం తెచ్చుకోవాలి, ఏవి దగ్గరికి రానివ్వకూడదు

ముఖ్యమైనది ఎంజైమ్ క్లీనర్. పెంపుడు జంతువుల సామాన్ల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేబుల్ మీద ఎంజైమ్‌లనో, మేలు చేసే బ్యాక్టీరియా అనో రాసి ఉండాలి. ఉత్త సువాసన స్ప్రేలు కూడా అదే వరుసలో పెట్టి అమ్ముతారు కాబట్టి చదివి తీసుకోండి. ఎంజైమ్‌లు ప్రోటీన్లను, కొవ్వులను చిన్న ముక్కలుగా విరగ్గొడతాయి. బ్యాక్టీరియా ఉన్న రకాలైతే ఆ ముక్కలను తినేస్తాయి కూడా. అందుకు సమయం కావాలి, తడి కావాలి. స్ప్రే చేసి పది నిమిషాల్లో తుడిచేస్తే ఎంత ఖరీదైన సీసా అయినా దండగే.

దానితో పాటు తినే సోడా అరకిలో, వాసన లేని బట్టల లిక్విడ్, పాత కాటన్ తువ్వాళ్లు, ఒక స్ప్రే బాటిల్, పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటే చాలు. సోడా అంటే సోడానే, కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్ కాదు. అందులో పిండి కూడా కలిసి ఉంటుంది. లేత రంగు బట్టల కోసం మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చుకోవచ్చు. మన దగ్గర ఎక్కువగా దొరికేది 6 శాతంది. సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది, అంతకు మించి వాడకూడదు. అది రంగును వెలిసిపోయేలా చేస్తుంది కాబట్టి ముదురు రంగు సోఫా మీద వద్దు.

ఇక వాడకూడనివి. మూత్రం మరక మీద బ్లీచింగ్ ద్రావణం పోయొద్దు. అందులోని క్లోరిన్, మూత్రంలోని అమోనియా కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమైన్ వాయువు వస్తుంది. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్లు కుక్కకు మూత్రం వాసనలాగే తోచి, మళ్లీ అక్కడే పోయిస్తాయి. ఫినాయిల్, డెట్టాల్ లాంటివి ఎంజైమ్‌ను పాడుచేస్తాయి, వాటి వాసనా వదలదు. సోఫా సందుల్లో కలరా ఉండలు, కర్పూరం పెట్టడం మన ఇళ్లలో అలవాటు. ఆ రెండూ కుక్కకు విషమే, నాకినా మింగినా ప్రాణం మీదికి వస్తుంది. టీ ట్రీ నూనె కూడా అంతే. సువాసన నూనెలేవీ కుక్క పడుకునే చోట చల్లకండి.

ఆవిరి యంత్రం గురించి ఒక మాట. క్లీనింగ్ వాళ్లు వచ్చి వేడి ఆవిరి పట్టిస్తే మెరుపు వస్తుంది కానీ, మూత్రం ఉన్న చోట వేడి తగిలితే ప్రోటీన్లు పీచుకు మరింత గట్టిగా అతుక్కుంటాయి. ఎంజైమ్ పని పూర్తయ్యే దాకా ఆవిరి వద్దని వాళ్లకు ముందే చెప్పండి.

ఏ మందైనా ముందు కనబడని చోట, అంటే సోఫా వెనక కింది అంచున చిన్నగా తడిపి, పూర్తిగా ఆరాక రంగు చూసుకోండి. తడిగా ఉన్నప్పుడు బాగానే కనిపించి, ఆరాక అంచు గీత పడే బట్టలుంటాయి. వెల్వెట్ మీద ఈ జాగ్రత్త మరీ అవసరం. కంపెనీ సోఫాకు ట్యాగ్ ఉంటే దాని మీద అక్షరం చూడండి: డబ్ల్యూ ఉంటే నీళ్లతో శుభ్రం చేయొచ్చు, ఎస్ ఉంటే నీళ్లు పనికిరావు, ఎక్స్ ఉంటే వ్యాక్యూమ్ మాత్రమే. వడ్రంగి చేసిన సోఫాలకు ట్యాగ్ ఉండదు, పరీక్షే దిక్కు.

ఒంటి వాసన ఉన్న సోఫాకు

వెంట్రుకలు తీయకుండా తడి చేస్తే అవి జిడ్డుతో కలిసి ముద్ద కడతాయి. కాబట్టి మొదట రబ్బరు గ్లవ్ తొడిగి, కొద్దిగా తడిపి, ఒకే దిశలో లాగండి. వెంట్రుకలు ఉండల్లా చుట్టుకుని వస్తాయి. తర్వాత సన్న మూతి పెట్టి సందులన్నీ వ్యాక్యూమ్ చేయండి.

కవర్లు ఊడొస్తే ఉతకడమే మేలు, దాని సంగతి కింద చెప్తాను. ఊడని బట్టకైతే లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా లిక్విడ్ వేసి బాగా గిలకొట్టండి. పైన వచ్చిన నురగను మాత్రమే స్పాంజితో తీసుకుని బట్ట మీద రుద్దాలి, నీళ్లు పోయకూడదు. ఒక్కో సీటు చొప్పున చేసుకుంటూ వెళ్లండి. సబ్బు మిగిలిపోతే మురికిని లాక్కుంటుంది, కాబట్టి మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో రెండుసార్లు తుడవాలి. ఆ గుడ్డను బకెట్లో పిండినప్పుడు వచ్చే బూడిద రంగు నీళ్లు చూస్తే, వాసన ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే సోడా చల్లండి. తడి బట్ట మీద చల్లితే గడ్డకట్టి నేతలో ఇరుక్కుంటుంది. ముగ్గురు కూర్చునే సోఫాకు పావుకిలో సరిపోతుంది. చేత్తో మెల్లగా అద్ది, రాత్రంతా వదిలి, పొద్దున్న వ్యాక్యూమ్ చేయండి. ఆ రాత్రి కుక్కను ఆ గదిలోకి రానివ్వొద్దు, సోడా ఎక్కువగా నాకితే దానికి ప్రమాదం. సోడా పొడి సన్నగా ఉండి వ్యాక్యూమ్ ఫిల్టరును పూడ్చేస్తుంది, పని అయ్యాక దులపండి.

రెగ్జిన్ సోఫా అయితే ఇదంతా అక్కర్లేదు. సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి, పొడి గుడ్డ పెట్టండి. వాసన ఇంకా ఉందంటే కుట్ల రంధ్రాల గుండా లోపలికి దిగిందని అర్థం. అప్పుడు కింది నల్లగుడ్డ విప్పి లోపల చూడాల్సిందే.

మూత్రం దిగిన చోటికి

ఇప్పుడే పోసి ఉంటే రుద్దకండి. మడిచిన తువ్వాలు వేసి, దాని మీద నిలబడి ఒంటి బరువంతా మోపండి. తడిసిన తువ్వాలు తీసి పొడిది వేయండి. తువ్వాలుకు తడి అంటనంత వరకూ ఇలా చేస్తే సగం పని అయిపోయినట్టే. తర్వాత కాస్త చల్లటి నీళ్లు పోసి మళ్లీ అద్ది, ఎంజైమ్ పోయండి.

పాత మరకకు ఫోమ్‌ను కవర్ నుంచి బయటికి తీసి, బాత్రూంలోనో బాల్కనీలోనో కింద ప్లాస్టిక్ పరిచి పడుకోబెట్టండి. 30 కిలోల కుక్క రోజుకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా మూత్రం పోస్తుంది. అందులో ఒక పెద్ద గ్లాసెడు ఫోమ్‌లో పడిందనుకుంటే, మందు కూడా కనీసం అంతే పోయాలి. స్ప్రే బాటిల్‌తో పైపైన తడిపితే మందు పైన ఉంటుంది, మూత్రం కింద ఉంటుంది. మరక కంటే చుట్టూ నాలుగు వేళ్లు ఎక్కువ వెడల్పుగా పోసి, అరచేతితో నొక్కి వదులుతూ ఫోమ్‌కు తాగించండి. కింది వైపూ తడి వచ్చిందో లేదో తిప్పి చూడండి.

తర్వాత ప్లాస్టిక్ షీటు కప్పండి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. ఫ్యాన్ కింద వదిలేస్తే మందు గంటలో ఆరిపోతుంది, ఆరాక ఎంజైమ్ పని చేయదు. సీసా మీద ఎంత సేపు అని ఉందో చూసి, పాత మరకకు అంతకు తక్కువ కాకుండా ఉంచండి. చాలా రకాలకు రాత్రంతా ఉంచడం మంచిది. ఈ సమయంలో వాసన ముందు కంటే ఎక్కువ కావచ్చు. పాతదంతా తడిసి కదులుతోంది కాబట్టి అలా జరుగుతుంది, కంగారుపడి ఫినాయిల్ పోసేయకండి.

మర్నాడు ప్లాస్టిక్ తీసి, మంచినీళ్లు పోసి, నొక్కి పిండి, తువ్వాళ్లతో అద్దండి. ఫోమ్‌ను మెలితిప్పితే చిరుగుతుంది. తర్వాత గోడకు ఆనించి అంచు మీద నిలబెట్టి, ముందూ వెనకా గాలి ఆడేలా ఫ్యాన్ పెట్టండి. మందపాటి కుషన్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల రెండు మూడు రోజులు తడి ఉంటుంది. వానాకాలంలో ఏసీ ఉన్న గదిలో డ్రై మోడ్ పెట్టి ఆరబెట్టడం మంచి పద్ధతి. కుషన్ మధ్యలో పొడి టిష్యూ పెట్టి గట్టిగా నొక్కి చూడండి, అది కొంచెం మెత్తబడినా ఇంకా ఆరలేదు. ఆరకముందే కవర్ తొడిగితే బూజు పట్టి, కుక్క వాసన స్థానంలో ముక్కిన వాసన వస్తుంది.

పూర్తిగా ఆరాక అసలు పరీక్ష: ఆ చోట మంచినీళ్లు తేలిగ్గా స్ప్రే చేసి, పది నిమిషాలు ఆగి వాసన చూడండి. తడిగా ఉన్నా ఘాటు రాకపోతే పోయినట్టే, వానాకాలంలోనూ రాదు. వస్తే ఇంకా మిగిలింది, మందు మళ్లీ పోయాలి. పొడిగా ఉన్నప్పుడు వాసన రాలేదని నమ్మితే మోసపోతారు.

లేత రంగు బట్ట మీద పసుపు మరక మిగిలితే, ఎంజైమ్ పనంతా అయ్యాకే పెరాక్సైడ్ వాడాలి, ఎందుకంటే అది ఎంజైమ్‌ను కూడా చంపేస్తుంది. గ్లాసెడు 3 శాతం ద్రావణంలో చెంచా సోడా, రెండు చుక్కల అంట్ల లిక్విడ్ వేసి వెంటనే మరక మీద అద్ది, అరగంట తర్వాత తడి గుడ్డతో తుడవండి. కలిపింది సీసాలో మూతపెట్టి దాచకండి, వాయువు పుట్టి పగులుతుంది.

ఎంజైమ్ దొరకని ఊళ్లో ఉంటే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి వాడొచ్చు. వెనిగర్ ఆమ్లం, అమోనియా క్షారం. ఒకదాన్నొకటి అణచుకుంటాయి కాబట్టి ఘాటు వెంటనే తగ్గుతుంది. కానీ లోపలి ప్రోటీన్లు అలాగే ఉంటాయి, అందుకే దీన్ని తాత్కాలికంగానే చూడాలి. వెనిగర్, సోడా రెండూ కలిపి పొంగిస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుని ఉప్పునీళ్లలాంటిది మిగులుతుంది. విడివిడిగా, ఒకటి ఆరాక ఇంకొకటి వాడాలి.

మా అక్క వాళ్ల సోఫా

అక్క వాళ్లింట్లో ముసలి లాబ్రడార్ ఉంది, మగది. వడ్రంగి చేత చేయించుకున్న ముగ్గురి సోఫా, బూడిద రంగు బట్ట. ప్రతి వానాకాలం హాల్లోకి అడుగుపెడితేనే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. కవర్లు ఉతికారు, క్లీనింగ్ వాళ్లతో ఆవిరి పట్టించారు. ఫలితం లేదు. "కుక్క కదా, వాసన ఉంటుందిలే" అని బావ వదిలేశాడు.

రాత్రి టార్చ్ వేసి చూస్తే సీట్లు దాదాపు శుభ్రంగా ఉన్నాయి. ఎడమ వైపు ముందు మూల మాత్రం మెరిసింది. నేల నుంచి జానెడు ఎత్తున మొదలై, కిందికి చారలు చారలుగా దిగింది. బాల్కనీ తలుపు దగ్గర మూల కాబట్టి కుక్క బయటికి వెళ్లే ముందు అక్కడే కాలెత్తేది. సోఫాను బోర్లా తిప్పి, కింద పిన్నులతో కొట్టిన నల్లగుడ్డ విప్పితే, లోపల రంగు, పాలిష్ లేని పచ్చి చెక్క కనబడింది. ఎడమ మూలలో అది గోధుమ రంగులోకి తిరిగి, ముక్కు దగ్గర పెడితే కళ్లు మండేంత ఘాటు కొట్టింది. పైన ఎన్ని కవర్లు ఉతికినా ఆ చెక్క అలాగే ఉంది.

మూల దగ్గరి బట్ట పిన్నులు ఊడదీసి వెనక్కి మడిచి, చెక్కను ఎంజైమ్‌తో బ్రష్ చేసి, తడి తువ్వాలు చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కట్టి రాత్రంతా ఉంచాం. మర్నాడు తుడిచి, ఫ్యాన్ పెట్టాం. చెక్క ఆరడానికి ఫోమ్ కంటే ఎక్కువ సమయం పట్టింది. తడి పరీక్షలో ఇంకా కొంచెం వాసన ఉంటే అదే పని మళ్లీ చేశాం. ఆ తర్వాత వడ్రంగి వచ్చి చెక్కకు వుడ్ సీలర్ రెండు పూతలు వేశాడు. చెక్క రంధ్రాలు మూసుకుపోతే మిగిలిన కాస్తా బయటికి రాదు, కొత్తదీ లోపలికి దిగదు. కానీ తడి ఉన్న చెక్క మీద సీలర్ వేస్తే పొర ఊడొస్తుంది, అందుకే ఆరే దాకా ఆగడం తప్పనిసరి.

ఎడమ సీటు ఫోమ్ అంచు కూడా తడిసి తడిసి పెళుసుగా అయిపోయింది. నొక్కితే పొడి రాలుతోంది. అలాంటి ఫోమ్‌కు మందు పోసి లాభం లేదు. పాతదాన్ని కొలతకు తీసుకెళ్తే సోఫా రిపేరు షాపులో 40 డెన్సిటీ ఫోమ్ కోసి ఇచ్చారు. మొత్తం సోఫా మార్చడంతో పోలిస్తే అది చాలా తక్కువ ఖర్చు. ఆ మూలలో ఇప్పుడు చెట్టు కుండీ పెట్టారు, కుక్కకు కాలెత్తే చోటు లేకుండా.

పరుపులు

పరుపును సోఫా కుషన్‌లా తడపలేం. పెద్దది, మందం ఎక్కువ, లోపల ఆరదు. కాబట్టి మరక ఉన్న చోట మాత్రమే మందు పోసి, తువ్వాళ్లతో నొక్కి వీలైనంత లాగేసి, నిలబెట్టి ఫ్యాన్ పెట్టాలి. ఒక రాత్రిలో ఆరదు, రెండు మూడు రాత్రులు వేరే చోట పడుకునే ఏర్పాటు చేసుకునే మొదలుపెట్టండి.

కొబ్బరి పీచు పరుపులో ద్రవం త్వరగా కిందికి జారిపోతుంది, కాబట్టి కింది వైపు కూడా చూడాలి. పీచు గాలి ఆడుతుంది గనుక త్వరగా ఆరుతుంది. మెమరీ ఫోమ్, లేటెక్స్ పరుపులను ఎర్రటి ఎండలో పడేయకండి, పగుళ్లు వచ్చి పాడవుతాయి. నీడలో గాలికి ఆరబెట్టండి. దూది పరుపు సంగతి వేరు. దూది తడిస్తే గడ్డకట్టి లోపలే కుళ్లుతుంది, దాని మీద ద్రవాలేవీ పోయకూడదు. కుట్టు విప్పి, మరక పడిన దూదిని తీసి పారేసి, మిగిలింది డాబా మీద ఎండబెట్టి, దూది ఏకేవాళ్లతో ఏకించి కొత్త గుడ్డలో కుట్టించుకోవడమే దారి.

పరుపు శుభ్రమయ్యాక జిప్ ఉన్న వాటర్‌ప్రూఫ్ కవర్ తొడగండి. కుక్క మంచం ఎక్కే ఇంట్లో ఇది లేకపోతే ఇంతసేపు పడిన కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

దుప్పట్లు, గలీబులు, కుక్క పక్కబట్టలు

మెషిన్‌లో వేసే ముందు బాల్కనీలో గట్టిగా దులపండి. తడిసిన వెంట్రుకలు బట్టకు అతుక్కుంటాయి, మెషిన్ డ్రైనునూ మూసేస్తాయి. మూత్రం పడినవైతే ముందు చల్లటి నీళ్లలో జాడించి, బకెట్ నీళ్లలో ఎంజైమ్ క్లీనర్ కలిపి కొన్ని గంటలు నానబెట్టండి. తర్వాత 40 డిగ్రీల నీళ్లలో, ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్‌తో ఉతకండి. జిడ్డు వదలడానికి ఆ వేడి చాలు, ఎంజైమ్ కూడా ఆ వేడిలో బాగా పనిచేస్తుంది. ఒంటి జిడ్డు బాగా పట్టిన కాటన్ బట్టలకు రెండు చెంచాల బట్టల సోడా కలిపితే తేడా తెలుస్తుంది. ఉన్ని, పట్టు బట్టలకు మాత్రం అది వేయొద్దు.

డ్రమ్ములో మూడింట రెండు వంతులకు మించి నింపకండి. బట్టలకు కదిలే చోటు లేకపోతే జిడ్డు నీళ్లలోకి రాదు. ఎక్స్‌ట్రా రిన్స్ పెట్టండి. సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ మానేయండి. అది పీచు మీద పూతలా కూర్చుని, కింది జిడ్డును పట్టి ఉంచుతుంది, అందుకే కొన్ని దుప్పట్లు ఉతికిన రెండో రోజుకే మళ్లీ వాసన వేస్తాయి. అన్నీ చేసినా ఉతికిన బట్టల్లో ముతక వాసన వస్తుంటే మెషిన్‌నే అనుమానించండి. ఫిల్టర్ విప్పి చూస్తే వెంట్రుకల ముద్ద ఉంటుంది. అది తీసి, తలుపు రబ్బరు మడతలు తుడిచి, ఖాళీ డ్రమ్ముతో అత్యంత వేడి సైకిల్ ఒకటి తిప్పండి.

కుక్క పక్కబట్టలు వారానికోసారి, సోఫా మీద దాని చోట వేసే దుప్పటి కూడా వారానికోసారి ఉతికితే చాలు. ఆ దుప్పటి ఒకే ఒక చోట వేయండి, కుక్క అక్కడే పడుకోవడం త్వరగా నేర్చుకుంటుంది. స్నానం తర్వాత, వానలో తిరిగొచ్చాక పూర్తిగా ఆరే దాకా సోఫా ఎక్కనివ్వకండి. తడి ఒంటి నుంచి వాసన ఎక్కువగా లేస్తుంది, అదే తడి ఫోమ్‌లోకీ దిగుతుంది.

మళ్లీ మళ్లీ వస్తుంటే

శుభ్రం చేసిన చోటే కుక్క మళ్లీ పోస్తుంటే ముందు తడి పరీక్ష చేయండి. మనకు అందని వాసన దానికి అందుతుంది. పరీక్షలో వాసన లేకపోయినా పోస్తుంటే, లేదా ఇన్నాళ్లూ బయటే పోసే కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోయడం మొదలుపెడితే పశువైద్యుడికి చూపించాలి. మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్, కిడ్నీ జబ్బు, షుగర్ ఇలాగే బయటపడతాయి. గర్భసంచి తీయించిన ఆడ కుక్కల్లో నిద్రలో తెలియకుండానే మూత్రం కారడం ఉంటుంది. అది లేచిన చోట అరచేతంత తడి కనిపిస్తుంది, కుక్కకు దాని ధ్యాసే ఉండదు. దీనికి మందులున్నాయి, కుక్కను తిట్టి లాభం లేదు.

ఒంటి వాసన స్నానం చేయించిన రెండు మూడు రోజులకే గట్టిగా వస్తే చెవులు ఎత్తి చూడండి, పళ్లు చూడండి, కాలి వేళ్ల మధ్య చర్మం చూడండి. చెవిలో గోధుమ రంగు జిగురు, పుల్లటి వాసన ఉంటే ఈస్ట్ లేదా బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ కావచ్చు. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు కుక్క రోజుకు ఎన్ని నీళ్లు తాగుతోందో, ఎన్నిసార్లు పోస్తోందో, సోఫా మీద తడి పొద్దున్నే కనిపిస్తోందా, రోజంతానా అన్నది రాసుకుని వెళ్లండి. వీలైతే శుభ్రమైన డబ్బాలో పొద్దుటి మూత్రం కొంచెం పట్టుకుని, గంటా రెండు గంటల్లోపు అందించండి. పరీక్ష అప్పుడే చేయొచ్చు.